తూర్పు కిటికీ, బంక్ మంచం: విజయనగరంలో ఒక పిల్లల గది రెండర్ డైరీ

శనివారం

సిరిమాను జాతర సందడి సద్దుమణిగింది, పని మళ్లీ మొదలైంది. రింగ్ రోడ్డు వైపు కొత్తగా కడుతున్న ఇంట్లో పిల్లల గది. ఇంటావిడ టీచరు, ఆయనది బ్యాంకు ఉద్యోగం. అబ్బాయికి 8 ఏళ్లు, పాపకు 5. శ్లాబు, ప్లాస్టరింగు అయిపోయాయి. కిటికీ ఫ్రేము, గ్రిల్లు బిగించారు. రంగులు ఇంకా వేయలేదు. వడ్రంగి పని మొదలయ్యేలోపు గది ఎలా ఉంటుందో కంప్యూటరులో రెండర్ చేసిన బొమ్మలో చూపించాలి.

టీచరు గారు ఫోనులో దాచుకున్న ఫొటోలు పంపారు. అన్నీ విదేశీ గదులే: తెల్లటి గోడలు, బంక్ మంచం, మెత్తటి తివాచీ, నేల మీద పరుచుకున్న ఎండ. ఏ ఫొటోలోనూ సీలింగ్ ఫ్యాను లేదు, కిటికీకి గ్రిల్లు లేదు, గోడ బయట సన్‌షేడ్ లేదు. మన ఇంట్లో ఈ మూడూ ఉంటాయి. వెలుతురును మార్చేవి కూడా ఇవే కాబట్టి నా మోడలింగు వీటితోనే మొదలుపెట్టాను.

గది తూర్పు పడమరలుగా 11 అడుగులు, ఉత్తర దక్షిణాలుగా 10. పైకప్పు ఎత్తు 10 అడుగులు. తూర్పు గోడకు నడిమధ్యలో 4 అడుగుల వెడల్పు, 4 అడుగుల ఎత్తు ఉన్న కిటికీ. దాని కింది అంచు నేల నుంచి 3 అడుగులు, పై అంచు 7. గోడ మందం 9 అంగుళాలు, ఆ పైన బయటికి అడుగున్నర సన్‌షేడ్. తలుపు దక్షిణపు గోడకు పడమటి చివర. మంచం ఉత్తరపు గోడ వెంబడి, పడమటి మూలకు ఆనించి వేయాలని ఇంటివాళ్ల నిర్ణయం. తలగడ తూర్పు వైపే ఉండాలని మామ్మగారి మాట. దానికి నాకూ అభ్యంతరం లేదు.

బ్లెండర్ అనే త్రీడీ సాఫ్ట్‌వేర్‌లో యూనిట్లు అడుగుల్లోకి మార్చి గోడలు లేపాను. సన్‌షేడునీ, గోడ మందాన్నీ అంగుళం తేడా లేకుండా పెట్టాను. చాలామంది గోడను కాగితంలా పలచగా గీసి, కిటికీకి రంధ్రం చేసి వదిలేస్తారు. అప్పుడు గదిలోకి అసలు ఇంట్లో కన్నా ఎక్కువ ఎండ వస్తుంది. బొమ్మ బాగుంటుంది, ఇల్లు కట్టాక గది మాత్రం అలా ఉండదు.

సోమవారం

మంచం మోడల్ పెట్టగానే ఫ్యాను గొడవ బయటపడింది.

శ్లాబులో ఫ్యాను కొక్కెం గది నడిమధ్యలో ఉంది, అంటే ఉత్తరపు గోడకు 5 అడుగుల దూరంలో. మామూలు 48 అంగుళాల ఫ్యానుకు రెక్క చివర కొక్కెం నుంచి 2 అడుగులు వస్తుంది. కనుక రెక్క ఉత్తరపు గోడకు 3 అడుగుల దాకా తిరుగుతుంది. మంచం బయటి అంచు గోడ నుంచి 3 అడుగుల 3 అంగుళాలు. అంటే రెక్క చివర మంచం అంచు మీదుగా 3 అంగుళాలు లోపలికి తిరుగుతున్నట్టు. ఎత్తు చూద్దాం: రెక్కలు నేలకు దాదాపు 9 అడుగుల ఎత్తులో ఉంటాయి. పై పడకలో పరుపు 5 అడుగుల ఎత్తున ఉంది. అబ్బాయి ఎత్తు 4 అడుగుల పైచిలుకు. పరుపు మీద లేచి నిలబడితే తల సరిగ్గా రెక్కల మట్టానికి వస్తుంది.

ఫ్యాను లేకుండా బొమ్మ చేసి ఇవ్వడం చాలా సులువు. కానీ అది చూసి మంచం కట్టించుకున్నాక, ఆ కొక్కేనికి ఎవరో ఒకరు ఫ్యాను తగిలించి తీరతారు. అందుకే పైనుంచి చూసినట్టు ఒక బొమ్మ తీసి, రెక్కలు తిరిగే వృత్తాన్ని ఎర్రగా గీసి పంపాను. టీచరు గారు వెంటనే ఫోను చేశారు.

"చిన్న ఫ్యాను వేస్తే సరిపోతుందా అండీ?"

36 అంగుళాల ఫ్యాను అయితే రెక్క చివరకూ మంచం అంచుకూ మధ్య 3 అంగుళాల సందు మిగులుతుంది. పిల్లవాడు కటకటాల మీదుగా చెయ్యి చాపడానికి ఆ సందు చాలు. పైగా పై పడక అడ్డం ఉన్నప్పుడు సీలింగ్ ఫ్యాను గాలి కింది పడకకు ఎలాగూ సరిగా తగలదు. కాబట్టి ఈ గదిలో సీలింగ్ ఫ్యాను వద్దన్నాను. దక్షిణపు గోడకు 7 అడుగుల ఎత్తులో రెండు గోడ ఫ్యాన్లు పెడదాం, ఒకటి పై పడక వైపు, ఒకటి కింది పడక వైపు తిప్పుకోవచ్చు. ఎలక్ట్రీషియను ఇంకా వైర్లు లాగలేదు కాబట్టి ఖర్చు పెద్దగా పెరగదు. ఒప్పుకున్నారు. రెండు గోడ ఫ్యాన్లనూ మోడల్‌లో పెట్టేశాను, కొక్కేనికి తెల్లటి మూత కూడా.

బుధవారం

ఈ రోజంతా ఎండతోనే సరిపోయింది.

బ్లెండర్‌లో `Sky Texture` పెట్టి సూర్యుడి ఎత్తు, దిశ చెబితే ఆకాశం, ఎండ రెండూ కలిసి వస్తాయి. `Sun Elevation` ఎంత, `Sun Rotation` ఎంత అన్నదే ప్రశ్న. కంటికి అందంగా కనిపించేదాకా ఆ అంకెల్ని తిప్పుతూ పోతే ఉత్తరం నుంచి ఎండ వచ్చినా మనకు తెలియదు. విజయనగరం 18 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. ఏ తేదీన, ఏ వేళకు సూర్యుడు ఎక్కడ ఉంటాడో లెక్క కట్టవచ్చు.

లెక్కను నమ్మేముందు ఒకసారి సైటుకు వెళ్లాను. ఉదయం 8:30కు తూర్పు కిటికీలోంచి నేల మీద పడిన ఎండ నాలుగు మూలలకూ సుద్దముక్కతో గుర్తులు పెట్టి, గోడల నుంచి దూరాలు కొలిచాను. ఇంటికొచ్చి అదే తేదీ, అదే వేళ బ్లెండర్‌లో పెట్టి చూశాను. తేడా ఒకటి రెండు అంగుళాలే. దిశ సరిగ్గా వచ్చిందో లేదో తెలుసుకోవడానికి మోడల్‌లో ఒక అడుగు కర్ర నిలువుగా పాతి దాని నీడ ఎటు పడుతోందో చూస్తే చాలు.

సరే, బొమ్మకు ఏ రోజు ఎంచుకోవాలి? పిల్లలు ఉదయం 8:30కు బడికి వెళ్లకుండా ఆ గదిలో ఉండేది సెలవుల్లోనే. కాబట్టి రెండు రోజులు తీసుకున్నాను: సంక్రాంతి, అంటే జనవరి మధ్య, వేసవి సెలవులు, అంటే మే మధ్య.

జనవరి మధ్యలో ఉదయం 8:30కు సూర్యుడు 24 డిగ్రీల ఎత్తులో, తూర్పు నుంచి దక్షిణానికి 34 డిగ్రీలు వాలి ఉంటాడు. ఎండ కిటికీలోంచి వాలుగా, ఉత్తరపు గోడ వైపు దూసుకొస్తుంది. అక్కడే మంచం ఉంది. సన్‌షేడ్ కోత పోగా మిగిలిన ఎండ కింది పడక మీద, తలగడ వైపు నుంచి దాదాపు మూడున్నర అడుగుల మేర పడుతుంది. పై పడక మీద నేరుగా ఎండ చుక్క కూడా పడదు. తివాచీ మీదా పడదు.

మే మధ్యలో అదే 8:30కు సూర్యుడు 42 డిగ్రీల ఎత్తుకు చేరతాడు. ఈసారి తూర్పు నుంచి కొద్దిగా ఉత్తరానికి, 9 డిగ్రీలు మాత్రమే జరిగి ఉంటాడు. ఎండ దాదాపు తిన్నగా లోపలికి వస్తుంది గాని లోతుకు పోదు. కిటికీ గోడ నుంచి 3 అడుగుల 3 అంగుళాల దగ్గర మొదలై 5 అడుగుల 5 అంగుళాల దగ్గర ఆగిపోతుంది. అంటే రెండడుగుల పట్టీ. అది తివాచీ నడుమ పడుతుంది, మంచాన్ని తాకదు.

టీచరు గారికి ఒకే బొమ్మలో రెండూ కావాలి: మంచం మీదా ఎండ, తివాచీ మీదా ఎండ. ఫొటోల్లో అలాగే ఉంది మరి. తూర్పు కిటికీ ఒక్కటే ఉన్న ఈ గదిలో, నేను తీసుకున్న రెండు రోజుల్లో ఏ రోజునా ఉదయం 8:30కు ఆ రెండూ కలిసి జరగవు. కిటికీ బయట ఒక దీపం దాచిపెడితే క్షణంలో వచ్చేస్తుంది, చేసేవాళ్లు చేస్తూనే ఉన్నారు. నేను ఒకటికి బదులు రెండు బొమ్మలు ఇస్తానన్నాను, సంక్రాంతిది ఒకటి, వేసవిది ఒకటి. ఆమె నవ్వేసి సరే అన్నారు. ఆయన మాత్రం, "మే నెల ఎండ బొమ్మలో చూసినా చెమట పడుతుంది, దానికి కర్టెన్ వేసి పంపండి" అన్నారు. అది కూడా న్యాయమే.

గురువారం

సంక్రాంతి బొమ్మ తొలి రెండర్‌లో కింది పడక చీకటి గుహలా వచ్చింది. ఎండ లెక్క ప్రకారం తలగడ మీద పడాలి కదా! కోణం మార్చి చూస్తే కారణం తెలిసింది. వడ్రంగి మేస్త్రి ఇచ్చిన నమూనాలో మంచానికి తలవైపు నిండు పలక ఉంది, కింద నుంచి పై పడక దాకా. ఎండ మంచంలోకి ప్రవేశించే దారి ఎక్కువగా ఆ వైపు నుంచే. పలక దాన్ని దాదాపు పూర్తిగా ఆపేస్తోంది.

పలక తీసేసి నిలువు కమ్మీలు పెట్టాను. అంగుళం లావు గుండ్రటి కర్ర కమ్మీలు, మధ్యలో మూడేసి అంగుళాల సందు. ఎండ కమ్మీల మధ్య నుంచి చారలు చారలుగా తలగడ మీద పడింది. అడ్డకమ్మీలు పెడితే పిల్లలు వాటిని నిచ్చెన చేసుకుంటారు, అందుకే నిలువువి. సందు విషయంలో అమెరికా వాళ్ల బంక్ మంచాల భద్రతా నియమం నాకు ఎప్పుడూ ఆధారం: కటకటాల దగ్గర సందు మూడున్నర అంగుళాలు మించకూడదు. మించితే చిన్నపిల్లల ఒళ్లు జారిపోయి తల ఇరుక్కుంటుంది. పై పడకలో 6 ఏళ్లలోపు పిల్లల్ని పడుకోబెట్టకూడదన్నది కూడా వాళ్ల హెచ్చరికే. ఇక్కడ పాప కింద, అబ్బాయి పైన, కాబట్టి చిక్కు లేదు. పాప ఒప్పుకుంటుందా అన్నది వేరే సంగతి.

ఎండ వచ్చింది గాని గుహ ఇంకా పూర్తిగా పోలేదు. దుప్పటికి ముదురు ఎరుపు పెట్టాను, పిల్లల గది కదా అని. ఎండ పడగానే ఆ ఎరుపు పైకి ఎగిసి, పై పడక అడుగు చెక్కనూ వెనక గోడనూ ఎర్రగా పులిమేసింది. కెమెరా కన్నుకు అది నిప్పుల కొలిమి. కాంతి ఒక రంగు మీద పడి తిరిగి వచ్చేటప్పుడు ఆ రంగునే మోసుకొస్తుంది. ఇరుకు చోటయితే అది రెండు మూడుసార్లు అటూ ఇటూ తగిలి ఇంకా చిక్కబడుతుంది.

దుప్పటిని మీగడ రంగుకు మార్చాను. పై పడక అడుగు చెక్కను ముదురు కర్ర రంగు నుంచి తెలుపుకు మార్చాను. అంతే, ఇంకే దీపమూ పెట్టకుండా కింది పడక మొత్తం తెల్లవారింది. దుప్పటి మీద పడిన ఎండే అద్దంలో తగిలినట్టు పైకి పోయి, చెక్క అడుగున తగిలి, పడక మూలల్లోకి దిగింది. మంచం అడుగు భాగానికి ఎవరూ రంగు గురించి ఆలోచించరు. కింద పడుకునే పాపకు మాత్రం అదే పైకప్పు.

ఎరుపు పూర్తిగా పోకూడదు కదా. దాన్ని ఎండ పడని చోటికి తరలించాను: పుస్తకాల అరలో ఏటికొప్పాక బొమ్మలు. లక్క మెరుపుతో, ఎక్కడా మొన లేకుండా గుండ్రంగా తిరిగిన అంకుడు కర్ర బొమ్మలు, ఎరుపు, పసుపు, ఆకుపచ్చ. వాటిని గీయడం కూడా సులువు. ఒక వంపు గీత గీసి గుండ్రంగా తిప్పితే (`Screw` మాడిఫైయర్) బొమ్మ తయారు. అవి తరిమెన మీద తిరిగేవే కాబట్టి ఆ పద్ధతి వాటికి బాగా అతుకుతుంది. గది రంగులన్నీ వాటి నుంచే తీసుకున్నాను, అయితే గోడల మీద బాగా పలచన చేసి.

శుక్రవారం

పై పడక, పైకప్పు ఇంకా మసకగా ఉన్నాయి. కిటికీ పై అంచు 7 అడుగులు, పైకప్పు 10. ఆ మూడడుగుల్లోకి ఆకాశం కాంతి నేరుగా పోయే దారే లేదు. పైకప్పుకు వెలుగు వచ్చేది కింద నుంచే: నేల టైల్స్ నుంచి, బయట వాకిలి నుంచి.

బయట వాకిలి అన్నాను కదా, బ్లెండర్‌లో అది లేదు. `Sky Texture` క్షితిజం కింద నల్లగా ఉంటుంది. ఇంటి బయట నేల గీయకపోతే కిటికీ కిందంతా చీకటి అగాధమే, అటు నుంచి పైకప్పు మీదికి కాంతి రాదు. ఇసుక, సిమెంటు కలిసిన రంగుతో పెద్ద నేల పలక వేసి, పక్కింటి ప్రహరీ గోడను కూడా నిలబెట్టాను. పైకప్పు వెంటనే తేరుకుంది.

తర్వాత తెలుపు సంగతి. గోడ తెలుపు అని రంగు విలువను 1.0 దాకా పెట్టేస్తారు కొందరు. అంత తెల్లటి వస్తువు లోకంలో లేదు. తెల్ల రంగు వేసిన గోడ కూడా తన మీద పడిన కాంతిలో దాదాపు 80 శాతమే తిప్పి పంపుతుంది. విలువ 1.0 పెడితే కాంతి ఎన్నిసార్లు తగిలినా తగ్గదు. నీడలన్నీ చెరిగిపోయి గది పిండి చల్లినట్టు అవుతుంది. పైకప్పుకు 0.8 పెట్టాను. గోడల లేత పసుపు అంతకన్నా కొంచెం తక్కువ. కాంతి ఎన్నిసార్లు గోడలకు తగిలి తిరగాలో చెప్పే `Diffuse` బౌన్సులు మామూలుగా 4 ఉంటాయి. ఇంత లోతు మంచం ఉన్న గదికి అవి చాలవు, 8 చేశాను. ఆ తేడా పై పడక మూలల్లోనే కనిపిస్తుంది, మిగతా చోట్ల పెద్దగా తెలియదు.

కిటికీ అద్దం పూర్తిగా తీసేశాను. ఈ సైజు బొమ్మలో అది కనిపించేది అంతంతమాత్రం, కాంతిని మాత్రం అడ్డగోలుగా మింగుతుంది.

ఇక టీచరు గారి నుంచి ఒక ప్రశ్న: షేడ్ కార్డులో ఎంచుకున్న పసుపు, బొమ్మలో ఎండ పడిన చోట వెలిసిపోయినట్టు ఉందేమిటని. ఎండ పడిన గోడ కెమెరాలోనూ వెలిసినట్టే ఉంటుంది, బొమ్మ రంగుల్ని తెరకు సర్దే `AgX` అమరిక ఆ పనినే చేస్తుంది. షేడ్ కార్డును సరిపోల్చవలసింది నీడ పడిన గోడతో, అది కూడా కిటికీకి దగ్గరి చోట. కార్డు పట్టుకుని ఫోను తెరకు ఆనించి చూస్తే రంగు ఎప్పటికీ కలవదు. కావాలంటే సైటులో గోడ మీద ఒక చదరపు అడుగు వేయించి ఉదయం చూడమన్నాను.

శనివారం

మేస్త్రి గారు స్వయంగా వచ్చారు. ఆయనది బొబ్బిలి వైపు. పని తెలిసినవారు, నోరు తక్కువ. తెర మీద బొమ్మను చాలాసేపు చూసి ఒకటే అడిగారు: "అమ్మా, ఈ అంచు ఇంత గుండ్రంగా దేనితో చెయ్యమంటారు?"

సరైన ప్రశ్న. బొమ్మలో `Bevel` అంకె పెంచితే ఏ చెక్కైనా సబ్బుబిళ్లలా గుండ్రబడిపోతుంది. 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్‌కు పైన మైకా, అంచుకు 2 మిల్లీమీటర్ల పట్టీ అంటిస్తే ఆ అంచును 2 మిల్లీమీటర్లకు మించి గుండ్రం చేయడం కుదరదు. దాటితే లోపలి పొరలు బయటపడతాయి. అదే గట్టి కర్ర అయితే రౌటరుతో 12 మిల్లీమీటర్ల వరకు హాయిగా లాగవచ్చు.

కాబట్టి ఏది ఎక్కడ అన్నది ఇద్దరం కూర్చుని తేల్చుకున్నాం. పిల్లల చెయ్యి, మోకాలు, నుదురు తగిలే చోట్లన్నీ గట్టి కర్ర: మంచం స్తంభాలు, పై కటకటాలు, నిచ్చెన మెట్లు. వాటికి 12 మిల్లీమీటర్ల గుండ్రం. చదువుకునే బల్ల, అరలు ప్లైవుడ్. వాటి అంచు పదునుగానే ఉంటుంది గాని పైనుంచి చూస్తే మూలలు 3 అంగుళాల వ్యాసార్ధంతో తిరుగుతాయి. పట్టీని ఆ వంపు వెంబడి వేడి చేసి తిప్పడం మేస్త్రి గారికి కష్టం కాదు. అంచు మరీ మెత్తగా కావాలన్న చోట ప్లైకి టేకు బీడింగు కొట్టి దాన్ని గుండ్రం చేస్తారట.

బొమ్మను దానికి తగ్గట్టు దిద్దాను. బల్ల అంచు ఇదివరకటి కన్నా సన్నగా, గట్టిగా కనిపిస్తోంది. చూడడానికి కొంచెం తక్కువ ముద్దుగా ఉంది, కాని రేపు ఆయన చేసి తెచ్చేది ఇదే. మోడలింగు చేసేవాళ్లకు ఒక మాట: వస్తువును సాగదీసి పొడవు మార్చి ఉంటే `Bevel` వేసే ముందు `Apply Scale` కొట్టాలి. లేకపోతే స్తంభానికి ఒక వైపు గుండ్రం ఎక్కువ, ఒక వైపు తక్కువ వస్తుంది. దగ్గరగా చూస్తే వెలుగు గీత ఒక అంచు మీద వెడల్పుగా, పక్క అంచు మీద దారంలా కనిపిస్తుంది, అదే గుర్తు.

మంగళవారం

తివాచీ. వేసవి బొమ్మకు ప్రాణం ఇదే, ఎండ పట్టీ దాని మీదే పడుతుంది కాబట్టి.

5 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు, మూలలు గుండ్రం. నూలుది, ఉతకడానికి వీలుగా. ఉన్నిలాంటి పొడవు పోగుల తివాచీ ఫొటోల్లో బాగుంటుంది గాని మన సముద్రపు గాలి తేమలో ఉతికితే వారమైనా ఆరదు. అందుకని పోగు ఎత్తు 20 మిల్లీమీటర్ల దగ్గర ఆపాను. పడమటి చివర నిచ్చెన ఉంది, తివాచీ దాని దాకా పోకూడదు. నిచ్చెన దిగే పిల్లవాడి కాలు జారే తివాచీ మీద పడకూడదు.

పోగులకు `Hair` పార్టికల్స్ వాడాను. 8,000 తల్లి పోగులు, ఒక్కోదానికి 30 పిల్ల పోగులు. మొత్తం రెండున్నర లక్షలకు కాస్త తక్కువ. మామూలు గ్రాఫిక్స్ కార్డు మోయగలదు. కాని సంఖ్య మెత్తదనాన్ని ఇవ్వదు. తొలిసారి అన్ని పోగులూ నిటారుగా, విడివిడిగా నిలబడితే తివాచీ కాదు, పాలిష్ బ్రష్షు. వంపులు విచ్చలవిడిగా పెంచితే గడ్డి. నిజమైన తివాచీలో నూలు పోగులు విడిగా ఉండవు. పదీ ఇరవై కలిసి ఒక కుచ్చు. కుచ్చు మొదట్లో బిగిసి, కొసన విచ్చుకుంటుంది. పక్క కుచ్చు కొద్దిగా ఇంకోవైపు వాలుతుంది. కాబట్టి పిల్ల పోగులకు `Clump` పెట్టి, కొసకు వచ్చేసరికి సడలించాను. కుచ్చుల వాలు మాత్రం తలోవైపు.

అప్పుడు 42 డిగ్రీల ఎండ తన పని చేసింది. ప్రతి కుచ్చూ పక్క కుచ్చు మీద తన ఎత్తుకు కాస్త ఎక్కువగా, 22 మిల్లీమీటర్ల నీడ వేసింది. మెత్తగా ఉన్నట్టు కంటికి చెప్పేది ఆ నీడే. ఎండ పట్టీ దాటి నీడ భాగంలోకి వస్తే అదే తివాచీ కాస్త చదునుగా కనిపిస్తుంది, అది సహజం.

గ్రిల్లు నీడ కూడా ఆ పట్టీ మీదే పడాలి. 12 మిల్లీమీటర్ల ఇనుప కమ్మీలు. సూర్యుడు చుక్క కాదు, ఆకాశంలో అర డిగ్రీ వెడల్పున్న బిళ్ల. కమ్మీ నుంచి తివాచీ దాకా ఎండ ఆరడుగుల దూరం ప్రయాణిస్తుంది. ఆ దూరానికి నీడ అంచు దాదాపు 17 మిల్లీమీటర్లు చెదురుతుంది. కమ్మీయే 12 మిల్లీమీటర్లు కాబట్టి నీడ ఎక్కడా పూర్తి నలుపుగా ఉండదు, పలచటి బూడిద చారలు మాత్రమే. ఎవరి రెండర్‌లోనైనా గ్రిల్లు నీడ నేల మీద కత్తితో కోసినట్టు ఉంటే సూర్యుడి సైజును సున్నా చేశారని అర్థం. `Sky Texture`లో `Sun Size` మామూలుగానే 0.545 డిగ్రీలు ఉంటుంది, ముట్టుకోకుండా వదిలేస్తే చాలు.

ఆయన కోరిక ప్రకారం కర్టెన్ కూడా పెట్టాను, పలచటి తెల్ల నూలుది, సగం తీసి ఉంది. తీసిన సగంలోంచి ఎండ, మూసిన సగంలోంచి మెత్తటి వెలుగు. పట్టీ సగమైంది. నాకు ఇదే నచ్చింది, టీచరు గారికి మొత్తం తీసిందే నచ్చింది. మొత్తం తీసిందే పంపాను. కర్టెన్ ఆవిడ చేతిలోనే ఉంటుంది కదా.

చివరి రెండర్‌లో ఒక జాగ్రత్త. ఒక్కో చుక్కకు కాంతిని లెక్కించే శాంపిల్స్ తక్కువ పెట్టి, గింజలు గింజలుగా మిగిలే నాయిస్‌ను డీనాయిజర్‌తో తుడిచేస్తే గోడలు నున్నగా బాగానే వస్తాయి, తివాచీ మాత్రం మైనం ముద్ద అవుతుంది. కుచ్చుల సందుల్లో నీడలు కలిసిపోతాయి. కర్టెన్ నేత కూడా మాయమవుతుంది. మొదట తివాచీ నీడ భాగంలో చిన్న ముక్కను మాత్రమే రెండర్ చేసి, డీనాయిజర్ తీసేసినా కుచ్చులు గుర్తుపట్టేలా ఉన్నాయో లేదో చూశాను. అక్కడ సరిపోయే శాంపిల్స్ మొత్తం బొమ్మకు సరిపోతాయి.

గురువారం

రెండు బొమ్మలూ పంపేశాను. మామ్మగారికి సంక్రాంతి బొమ్మే నచ్చిందట, తలగడ మీద ఎండ ఉంది కాబట్టి. తను ఆ కింది పడక మీద కూర్చుని పాపకు జడ వేయాలంటే తల తగులుతుందా అని అడిగించారు. కింది పరుపుకూ పై పడక అడుగుకూ మధ్య 3 అడుగులు ఉంది. కొలత మోడల్‌లోంచే తీసి చెప్పాను. కూర్చుంటే తగలదు, లేచేటప్పుడు మాత్రం కాస్త ముందుకు వంగాలి.

మేస్త్రి గారికి బొమ్మతో పాటు కొలతల కాగితం కూడా ఇచ్చాను. దానిలో అన్నిటికన్నా పెద్ద అక్షరాలతో రాసింది పై కటకటాల ఎత్తు. చెక్క మీద నుంచి 15 అంగుళాలు, పరుపు 5 అంగుళాలు, కాబట్టి పరుపు మీద మిగిలేది 10. ఆ అమెరికా నియమం ప్రకారం కనీసం 5 ఉండాలి. రేపు ఎవరైనా మెత్తగా ఉంటుందని 8 అంగుళాల పరుపు తెచ్చి వేస్తే 10 కాస్తా 7 అవుతుంది, నిద్రలో పొర్లే పిల్లవాడికి అది ఇరుకే. అందుకే మంచం లోపలి స్తంభానికి, పరుపు పై మట్టం దగ్గర ఒక గీత చెక్కమని చెప్పాను. ఆయన పెన్సిలుతో కాగితం మీద అక్కడే ఒక చుక్క పెట్టుకుని, అడ్వాన్సు ఎప్పుడిస్తారో ఇంటివాళ్లను అడగమని వెళ్లారు.